ఈ వారం వంతు ఎవరిది? ప్రార్థనా మందిరం పనుల మెసేజ్ రాసే పద్ధతి

"అందరికీ వందనాలు. ఈ వారం మందిరం పని మూడో జట్టు చూసుకోవాలి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక."

మూడేళ్ల క్రితం గ్రూపులో నేను పెట్టిన మొదటి వంతుల మెసేజ్ ఇది. దాని కింద పదిహేడు "ఆమెన్"లు వచ్చాయి. శనివారం సాయంత్రం మందిరానికి మాత్రం ఒక్కరూ రాలేదు. మూడో జట్టులో మూడు ఇళ్లున్నాయి. ఒకరు ఊడ్చేది రెండో ఇంటివాళ్లనుకున్నారు, ఆ రెండో ఇంటివాళ్లు "ఈ వారం" అంటే వచ్చే వారమనుకున్నారు, మూడో ఇంట్లో ఫోన్ ఇంటర్ చదివే అబ్బాయి చేతిలో ఉంది. ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆవిడా చీపుళ్లు పట్టుకున్నాం.

మాది మిర్యాలగూడ దగ్గర చిన్న మందిరం. వంతుకు వచ్చే కుటుంబాలు 12. పాస్టర్ అయ్యగారు రెండు ఊళ్లు చూసుకుంటారు కాబట్టి మందిరం పనులన్నీ కుటుంబాల మీదే నడుస్తాయి. ఇలాంటి మందిరంలో వంతుల మెసేజ్ బాధ్యత మీ మీద పడితే దాన్ని ఎలా తయారు చేయాలో, ఎక్కడ బెడిసికొడుతుందో మా అనుభవం నుంచి చెబుతాను.

ముందు పనులు, తర్వాత పేర్లు

ఫోన్ తీయకముందు ఒక శనివారం సాయంత్రం, మర్నాడు ఆదివారం మందిరంలోనే ఉండి ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో కాగితం మీద రాయండి. "మందిరం పని" అనేది ఒక పని కాదని అప్పుడే అర్థమవుతుంది. మా దగ్గర తేలినవి ఐదు. ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చాపలూ జంపఖానాలూ వేయడం శనివారం పని. ఇద్దరు చేస్తే ముప్పావు గంట పడుతుంది. రెండోది తాగే నీళ్లు. బోరు నీళ్లు మా దగ్గర తాగడానికి పనికిరావు, నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. అందుకని 20 లీటర్ల క్యాన్లు రెండు తెచ్చి పెట్టాలి. మూడోది ఆదివారం ఉదయం తాళం తీసి, కిటికీలు తెరిచి, పెద్దవాళ్లకు గోడ పక్కన కుర్చీలు వేయడం. ఆరాధన అయ్యాక కానుకల లెక్క నాలుగోది. చాపలు చుట్టి, ఫ్యాన్లు ఆపి, తాళం వేయడం ఐదోది.

మైక్ సెట్‌ను వంతుల్లో కలపకండి. మేము కలిపి చూశాం. వారానికొక చెయ్యి తిప్పేసరికి యాంప్లిఫయర్ నాబ్‌లు ఒక్కోసారి ఒక్కోచోట ఉండేవి, కూత పెట్టడం తప్ప దానికి ఇంకో పని లేకుండా పోయింది. మైక్ ఒకరిదే. ఆయన ఊరికి వెళ్తే చూసుకునేవాడు ఇంకొకడు. అంతే.

కానుకల లెక్కకు మాత్రం రెండు వేర్వేరు ఇళ్లవాళ్లుండాలి. భార్యాభర్తలైతే ఒక ఇల్లే. ఎవరిమీదో అనుమానంతో పెట్టిన నియమం కాదిది. రేపు పదో ఇరవయ్యో తేడా వస్తే ఒక ఇంటి మీద మాట పడకూడదు. గ్రూపులో లెక్కపెట్టేవాళ్ల పేర్లు పెట్టండి, మొత్తం మాత్రం పుస్తకంలో రాసి సంతకాలు చేయించండి.

జట్లు కట్టేటప్పుడు

12 ఇళ్లను మూడేసి చొప్పున నాలుగు జట్లు చేస్తే ఒక్కో ఇంటికి నాలుగు వారాలకోసారి వంతు వస్తుంది. కూలికి వెళ్లే ఇళ్లకూ డ్యూటీలున్న ఇళ్లకూ అది మోయగలిగిన బరువే.

అన్నదమ్ముల ఇళ్లన్నీ ఒకే జట్టులో ఉంటే కలిసి బాగా చేస్తారని మొదట్లో అనుకున్నాను. తిప్పర్తిలో వాళ్ల మేనకోడలి పెళ్లి శనివారం రాత్రి పడింది. జట్టు మొత్తం పెళ్లిలోనే ఉంది. చావైనా, పెళ్లైనా, కొత్తింటి ప్రార్థనైనా బంధువులందరినీ ఒకేసారి తీసుకెళ్లిపోతుంది. అందుకే దగ్గరి చుట్టాలను వేర్వేరు జట్లలో వేయండి. ప్రతి జట్టులో మందిరానికి నడిచి రాగలిగిన ఇల్లు ఒకటి, నీళ్ల క్యాన్లు తేవడానికి బండి ఉన్న ఇల్లు ఒకటి ఉండేలా చూడండి. ఇంతకు మించి లెక్కలు వేస్తే జట్లు ఎప్పటికీ తేలవు.

మొదటి ఆదివారం చిక్కు

నాకు బాగా దెబ్బ తగిలింది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

మా దగ్గర నెలలో మొదటి ఆదివారం ప్రభు రాత్రి భోజనం ఉంటుంది. ఆ రోజు పని రెట్టింపు. రొట్టె, ద్రాక్షరసం సిద్ధం చేయాలి, చిన్న గ్లాసులు కడిగి తుడవాలి, ఆరాధన అయ్యాక అందరికీ భోజనం వండాలి. నాలుగు జట్లు, నెలకు నాలుగు వారాలు, సరిగ్గా సరిపోయిందని నేను సంబరపడ్డాను. సరిపోవడమే అసలు తప్పు.

2026 క్యాలెండర్ తీసి చూడండి. జనవరి 4న ఒకటో జట్టుతో మొదలుపెడితే, నాలుగు వారాల తర్వాత ఫిబ్రవరి 1న మళ్లీ ఒకటో జట్టే. ఇంకో నాలుగు వారాలకు మార్చి 1, మళ్లీ ఒకటో జట్టే. మార్చిలో ఐదు ఆదివారాలు ఉన్నాయి కాబట్టి ఏప్రిల్ 5న, అంటే ఈస్టర్ రోజున, వంతు రెండో జట్టుకు జరుగుతుంది. మే 3 కూడా వాళ్లదే. జూన్, జులై, ఆగస్టు మొదటి ఆదివారాలు మూడూ మూడో జట్టువి. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ నాలుగో జట్టువి. ఐదు ఆదివారాల నెల వచ్చేదాకా పెద్ద పని ఒకే జట్టును పట్టుకుని వదలదు.

మా మందిరంలో ఇలాగే జరిగినప్పుడు ఒక ఇంటివాళ్లు మూడు నెలలు వరసగా వండారు. నాలుగోసారి వంతు రాకముందే మెసేజ్‌లకు జవాబివ్వడం మానేశారు. నేను వాళ్లకు సేవ మీద మనసు తగ్గిందనుకున్నాను. మా ఆవిడ క్యాలెండర్ మీద పెన్నుతో గుండ్రాలు చుట్టి చూపించాక నోట మాట రాలేదు.

జట్లను ఐదు చేస్తే పోతుందని కొందరు చెబుతారు. వేసి చూశాను, పోదు. అదే 2026లో ఐదు జట్లతో లెక్కేస్తే నాలుగో జట్టుకు మార్చి, ఏప్రిల్, నవంబర్, డిసెంబర్ నాలుగూ పడతాయి, రెండో జట్టుకు ఏడాదంతా ఒక్క జులై. మూడు జట్లయితే ఆ ఏడాది విచిత్రంగా తలా నాలుగు వస్తాయి, వరసగా రెండు నెలలు ఎవరికీ పడవు. కానీ మూడు వారాలకోసారి వంతంటే మామూలు పని బరువవుతుంది.

చివరికి మేము చేసింది ఇది. మొదటి ఆదివారం వంట, గ్లాసుల పనిని జట్ల నుంచి పూర్తిగా విడదీశాం. దానికి ఇళ్ల వరసతో వేరే చిట్టా ఉంది. నెలకు రెండు ఇళ్లు. 12 ఇళ్లకు ఏడాదిలో ఒక్కొక్కరికి రెండుసార్లు వస్తుంది. ఆ చిట్టా జనవరిలోనే రాసి మందిరం తలుపు లోపలివైపు అంటించాం. జంటలు వేసేటప్పుడు, ఆ నెల మొదటి ఆదివారం ఏ జట్టు వంతో చూసి, ఆ జట్టులో లేని ఇళ్లను వంటకు వేయాలి. ఊడ్చడం, నీళ్లు, తాళం మాత్రం జట్ల చక్రంలో మామూలుగా తిరుగుతుంటాయి. ఈస్టర్, క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి ప్రార్థన ఈ రెండింటిలోనూ ఉండవు. వాటికి పెద్దలు కూర్చుని వేరేగా పంచుతారు.

మెసేజ్ రాయడం

ఒక మెసేజ్‌లో ఒక వారమే ఉండాలి. నెల మొత్తం ఒకేసారి పెడితే వాట్సాప్ సగం దగ్గర కోసి Read more అని చూపిస్తుంది. దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. నొక్కినా తమ పేరు వెతుక్కోవాలి. మేము పంపేది ఇలా ఉంటుంది. పేర్ల బదులు ఇక్కడ ఇళ్ల గుర్తులు రాశాను:

```
*జులై 12 ఆదివారం: 4వ జట్టు వంతు*

*శనివారం (11) సాయంత్రం 5:30*
ఊడ్చి చాపలు వేయడం: టైలర్ అన్న ఇల్లు
నీళ్ల క్యాన్లు 2: కండక్టర్ అన్న ఇల్లు

*ఆదివారం (12) ఉదయం 9:00*
తాళం తీయడం, కుర్చీలు: కండక్టర్ అన్న ఇల్లు

*ఆరాధన అయ్యాక*
కానుకల లెక్క: టీచరమ్మ ఇల్లు, టైలర్ అన్న ఇల్లు
చాపలు చుట్టి తాళం వేయడం: టీచరమ్మ ఇల్లు

*తాళంచెవి:* మిల్లు అన్న → టైలర్ అన్న →
కండక్టర్ అన్న → టీచరమ్మ

మూడు ఇళ్లవాళ్లు శుక్రవారం రాత్రి 8 లోపు
"సరే" అని పెట్టండి.
జులై 19: 1వ జట్టు
```

అటూ ఇటూ పెట్టిన చుక్క గుర్తులు, అంటే *, ఆ మాటలను వాట్సాప్‌లో లావుగా చూపిస్తాయి. గుర్తుకూ మాటకూ మధ్య ఖాళీ వదిలితే లావు కాదు, చుక్కలు చుక్కలుగానే మిగులుతాయి. లావుగా చేయాల్సింది రోజూ గంటా. పేర్లన్నీ లావు చేస్తే ఏదీ కనిపించదు.

"ఈ వారం", "వచ్చే ఆదివారం" అనే మాటలు ఎక్కడా లేవని గమనించండి. గురువారం రాసిన "వచ్చే ఆదివారం" మూడు రోజుల తర్వాతదా, పది రోజుల తర్వాతదా అన్నది చదివేవాళ్ల ఇష్టం. తేదీ ఉంటే ఆ గొడవ లేదు. "సాయంత్రం" అని వదిలేసినా అంతే. మిల్లు హమాలీకి సాయంత్రం అంటే ఏడు, టీచరమ్మకు నాలుగున్నర.

తాళంచెవి వరుస చాలా మంది రాయరు. పని మరిచిపోతే ఎవరో ఒకరు చేసేయగలరు, తాళంచెవి ఎక్కడుందో తెలియకపోతే అందరూ బయటే నిలబడతారు. పై మెసేజ్‌లో నీళ్ల క్యాన్లు కూడా శనివారం 5:30కే ఎందుకు పెట్టానంటే, కండక్టర్ అన్న క్యాన్లు దించడానికి వచ్చినప్పుడు టైలర్ అన్న ఇంటివాళ్లు చెవి ఆయన చేతికిచ్చేస్తారు. చెవి కోసం ఇంకొకరి గడప తొక్కే పని ఉండదు. ఆదివారం తాళం వేసిన ఇంట్లోనే చెవి మళ్లీ శనివారం దాకా ఉంటుంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు తెరిచేది కూడా ఆ ఇంటివాళ్లే.

ఇంటి పేరు రాసేటప్పుడు సంఘంలో అందరూ పిలిచే పేరే రాయండి. మా దగ్గర ఒకే పేరుతో ఇద్దరు అన్నలున్నారు. "బోరింగ్ దగ్గర" అని పక్కన రాశాకే సంగతి చక్కబడింది.

పంపడం, జవాబు రాబట్టడం

గురువారం రాత్రి ఎనిమిది గంటలకు పంపుతాను. అప్పటికి పనుల నుంచి ఇళ్లకు చేరి ఉంటారు. మార్చుకోవాల్సింది ఉంటే శుక్రవారం మొత్తం చేతిలో ఉంటుంది. శనివారం పొద్దున పంపిన మెసేజ్ సమాచారం మాత్రమే అవుతుంది, అడగడం కాదు. అప్పటికి ఎవరూ కాదనలేరు, కాదనలేని చోట నిజమైన సరే కూడా రాదు.

పంపిన వెంటనే మెసేజ్‌ను నొక్కిపట్టి Pin చేసి 7 days ఎంచుకోండి. లేకపోతే తెల్లారేసరికి వాక్యాల బొమ్మలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆమెన్‌ల కింద పూడుకుపోతుంది. కొత్త వారం మెసేజ్ పిన్ చేసే ముందు పాతదాన్ని Unpin చేయండి.

నీలం టిక్‌లను నమ్మకండి. మెసేజ్‌ను నొక్కిపట్టి Message info చూస్తే ఎవరెవరి ఫోన్లలో తెరిచారో కనిపిస్తుంది, అది కూడా టిక్‌లు ఆపుకోని వాళ్లవే. ఫోన్ తెరిచింది కొడుకు కావచ్చు. అసలు చీపురు పట్టేది తల్లి. గ్రూపుల్లో ఎక్కువగా ఉండేది మగవాళ్ల నంబర్లే, మందిరంలో పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. నిజం మాట్లాడుకుంటే వంతులు తప్పడానికి సగం కారణం ఇదే. అందుకని శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిపోయాక ఆ వారం మెసేజ్‌ను అక్కడే బయటికి చదువుతాను. చదవడం రాని ఇద్దరు అవ్వలున్న ఇళ్లకు అర నిమిషం వాయిస్ మెసేజ్ పెడతాను, వాళ్ల పని, రోజు, గంట మాత్రమే చెప్పి. శుక్రవారం ఎనిమిదికల్లా "సరే" రాని ఇంటికి ఫోన్ చేస్తాను. గ్రూపులో పేరు పెట్టి అడగను. ఒకసారి అడిగాను, ఆ ఇంటివాళ్లు గ్రూపు వదిలి వెళ్లారు. తిరిగి చేర్పించడానికి అయ్యగారు రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది.

వంతు మార్పిడి

పైన రాసిన జులై 12 వారాన్నే తీసుకుందాం. గురువారం రాత్రే టైలర్ అన్న "సరే" పెట్టేశాడు. శుక్రవారం మందిరంలో చదివి వినిపించాక వదిన లేచి నిలబడింది. "అన్నా, రేపు మాకు నాట్లున్నయి. ఆటోల వచ్చేసరికి ఏడు దాటుతది. ఈయన నన్ను అడిగిండా?" అన్నది. బోర్ల కింద నాట్లు మొదలైతే కూలి గుంపులో ఒక్కరు తగ్గినా మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఆమెను ఆగమనలేం. టీచరమ్మ పక్కనే ఉంది. "శనివారం నేను చూసుకుంట వదినా, నువ్వు ఆదివారం చాపలు చుట్టి తాళమెయ్యి" అన్నది.

మాట అక్కడికక్కడే కుదిరింది. ఇక్కడ ఆగిపోతే మాత్రం ఆదివారం తిప్పలు తప్పవు. రెండు పనులు మారితే తాళంచెవి దారి కూడా మారుతుంది. మిల్లు అన్న ఇంటి నుంచి శనివారం చెవి తీసుకోవాల్సింది ఇప్పుడు టీచరమ్మ. ఆదివారం తాళం వేసి చెవి ఇంటికి తీసుకెళ్లేది టైలర్ అన్న వాళ్లు. కానుకల లెక్కలో ఇద్దరి పేర్లూ ముందే ఉన్నాయి కాబట్టి అక్కడ మార్పు లేదు. మార్పిడి జరిగిన ప్రతిసారీ మెసేజ్‌ను పైనుంచి కిందిదాకా ఒక్కో వరుస చదువుకుంటూ రావాలి. మారిన పేరును ఒకచోట దిద్ది రెండోచోట వదిలేయడం నేను చేసినన్నిసార్లు ఇంకెవరూ చేసి ఉండరు.

వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను Edit చేయడానికి 15 నిమిషాలే గడువు. గురువారం మెసేజ్‌ను శుక్రవారం దిద్దలేం. మెసేజ్‌ను కాపీ చేసి, దిద్ది, మొదటి వరుసలో "మార్చినది, శుక్రవారం రాత్రి" అని చేర్చి కొత్తగా పంపాలి. కొత్తదాన్ని పిన్ చేయాలి. పాతదాన్ని Delete for everyone చేయాలి. "పైన టైలర్ అన్న బదులు టీచరమ్మ" అని కింద ఒక ముక్క రాసి వదిలేయకండి. పిన్ నొక్కి చూసేవాళ్లకు పాతదే కనిపిస్తుంది, కింది ముక్క కనిపించదు. అలా ఒక ఆదివారం ఇద్దరూ తాళం తీయడానికి వచ్చారు. ఇంకో ఆదివారం ఇద్దరూ రాలేదు.

ఇద్దరు ఫోన్లో మాట్లాడుకుని మార్చుకోవడం మంచిదే, నాకు పని తగ్గుతుంది. కానీ మెసేజ్‌లో మారేదాకా పాత పేరుదే బాధ్యత. ఇది మేము సంఘంలో అందరి ముందూ చెప్పి ఒప్పించుకున్న ఒకే ఒక్క నియమం.

మార్పిడి వల్ల చక్రం కదలకూడదు. ఒక ఇంటివాళ్లు ఈ వారం రాలేక వేరే జట్టులోని ఇంటితో మార్చుకుంటే, ఆ ఇంటి వంతు వచ్చినప్పుడు వీళ్లు వెళ్లాలి. జట్ల వరుస మాత్రం అలాగే ఉంటుంది. జట్టునే ఒక వారం వెనక్కి జరిపితే మిగిలిన మూడు జట్లూ జరుగుతాయి. వాళ్లు నెల ముందే చూసుకున్న ప్రయాణాలన్నీ తారుమారవుతాయి. ఎవరు ఎవరికి ఒక వారం బాకీ ఉన్నారో నా నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటాను. గ్రూపులో పెట్టను.

పత్తి ఏరే రోజుల్లో, వరి కోతలప్పుడు ఈ బాకీలు పెరుగుతాయి. అక్టోబర్ చివరి నుంచి కొన్ని వారాలు శనివారం 5:30 అనే గంటే కుదరదు. అప్పుడు ఒక్కో ఇంటితో మార్చుకుంటూ కూర్చోవడం కన్నా ఊడ్చే పనిని ఆదివారం ఉదయం 7:30కి జరపడం మేలు. ఆ వారాల్లో తాళంచెవి శనివారం చేతులు మారదు. ఆదివారం పొద్దున్నే ఊడ్చే ఇంటివాళ్లు తీసుకుని, తొమ్మిదికి తలుపులు తెరిచే వాళ్లు వచ్చేదాకా అక్కడే ఉంటారు. నీళ్ల క్యాన్లు కూడా అప్పుడే వస్తాయి. మెసేజ్‌లో శనివారం భాగం తీసేసి, ఈ గంటను లావుగా రాసి, మొదటి రెండు వారాలు ఊడ్చే ఇంటికి ఆదివారం ఆరున్నరకు ఒక ఫోన్ కూడా చేస్తాను. అలవాటైన కాళ్లు శనివారమే నడిచి వచ్చి, తాళం వేసిన తలుపు చూసి వెనక్కి వెళ్లడం చూశాను.